‘ప్రైస్ ప్లీజ్’ దగ్గర జారిపోయే చీర

వరలక్ష్మీ వ్రతానికి ఇంకా పది రోజులుంది. రాత్రి తొమ్మిదిన్నరకు వంటిల్లు సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, ఒకావిడ ఫోన్ చేతిలోకి తీసుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ ఎదురవుతుంది. చిలకపచ్చ మంగళగిరి నూలు చీర, దానికి సన్నటి జరీ అంచు. రెండుసార్లు చూస్తుంది. చెల్లెలికి పంపుతుంది. కామెంట్లలో ‘ప్రైస్ ప్లీజ్’ అని రాసి పడుకుంటుంది. మర్నాడు పదకొండింటికి జవాబొస్తుంది: ‘డీఎం చేశాం మేడమ్, చెక్ చేయండి.’ అప్పటికి ఆవిడ ఆఫీసులో ఉంది. సాయంత్రానికి ఆ చీర సంగతే మరిచిపోయింది. రెండు రోజుల తర్వాత ఇంకెవరి దగ్గరో ఇంచుమించు అలాంటి చీరే కొనేసింది.

అమ్మే మనిషికి ఇదంతా కనపడదు. ఆమెకు కనపడేది రీల్ కింద ఉన్న వ్యూస్ అంకె, ఖాళీగా ఉన్న ఆర్డర్ల పుస్తకం. ‘ఇంతమంది చూశారు, ఒక్కరూ కొనలేదేంటి?’ అనుకుంటుంది. ఎక్కువమందికి వెంటనే తోచే మందు, ఇంకో నాలుగు వేలు పెట్టి రీల్‌ను బూస్ట్ చేయడం. కానీ పై సంఘటనలో ఆ రీల్ తన పని తాను చేసింది. చీర నచ్చింది, ధర అడిగారు. అమ్మకం జారిపోయింది ఆ తర్వాతి పద్నాలుగు గంటల్లో.

సోషల్ మీడియాలో బట్టలమ్మే వాళ్లు ‘ఫన్నెల్’ అనే మాట తరచూ వింటుంటారు. ఫన్నెల్ అంటే మన గరాటే. వ్యాపారంలో ఈ ఆలోచనకు నూరేళ్లు దాటాయి. కొనేవాడి మనసు దృష్టి, ఆసక్తి, కోరిక, కొనుగోలు అనే మెట్ల మీదుగా నడుస్తుందన్న సూత్రాన్ని అమెరికా ప్రకటనల నిపుణుడు ఎలియాస్ సెయింట్ ఎల్మో లూయిస్ 1898లో ప్రతిపాదించాడని చెబుతారు. తర్వాత 1920లలో దానికి గరాటు బొమ్మ తోడైంది. పైన వెడల్పు, కింద సన్నం. అయితే వంటింట్లో గరాటులో పోసిన నూనె అంతా సీసాలోకి దిగుతుంది. అమ్మకాల గరాటులో ప్రతి మెట్టు దగ్గరా కొందరు పక్కకు కారిపోతారు. ఎక్కడ, ఎందుకు కారిపోతున్నారో తెలుసుకుని ఆ చోటును సరిచేసుకోవడమే ఇక్కడ అసలు పని.

దీన్ని ఒక లెక్కతో చూద్దాం. మంగళగిరి నుంచి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న వ్యాపారాన్ని ఊహించుకోవాలి. వెబ్‌సైట్ లేదు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, వాట్సాప్ బిజినెస్ యాప్, ఇంటి ముందు గదిలో ఒక బీరువా నిండా చీరలు, సాయం చేసే ఒకమ్మాయి. చీర ధర ₹1,800, కొరియర్ ఖర్చు అందులోనే. నేతగాళ్లకు ఇచ్చేది ₹1,150, కొరియర్‌కు ₹90, కవరూ అట్టపెట్టె కలిపి ₹40. అన్నీ పోగా చీరకు ₹520 మిగులుతుంది. ప్రకటనల ఖర్చు ఇందులోంచే రావాలి. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. ఎవరి లెక్క వాళ్లు ఇలాగే వేసుకోవచ్చు.

పై మెట్టు: కంటపడటం

మంగళగిరి చీరకు ఫోన్ తెరమీద ఒక ఇబ్బంది ఉంది. ఒంటి మీద బుటాలుండవు. నిండుగా, ఒత్తుగా నేసిన సాదా నేత, రెండు వైపులా నిజాం బార్డర్ అని పిలిచే జరీ అంచు, కొంగుకు చారలు. చేత్తో పట్టుకుంటేనే దాని గొప్పతనం తెలుస్తుంది. వేలితో తెరను పైకి తోసుకుంటూ పోయే మనిషికి అది ‘ఏదో ప్లెయిన్ చీర’లాగే కనిపిస్తుంది. పక్కనే మెరిసిపోయే సింథటిక్ చీర ఆమె చూపును లాగేస్తుంది.

అందుకే ఈ చీరకు మొదటి రీల్‌లో మడతపెట్టిన చీరను చూపించడం కంటే మగ్గాన్ని చూపించడం మేలు. గుంట మగ్గంలో కాళ్లు తొక్కుతున్న చప్పుడు, నాడె అటూ ఇటూ పరుగెత్తడం, జరీ అంచు అంగుళం అంగుళం పెరగడం. మొదటి రెండు మూడు సెకన్లలోనే కదలిక ఉండాలి. లోగోతో, ‘హాయ్ ఫ్రెండ్స్ వెల్కమ్ టు’తో మొదలైన వీడియోలో ఆ సెకన్లు వృథా అయిపోతాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రతి రీల్‌కూ జనం ఏ సెకను దగ్గర వెళ్లిపోతున్నారో చూపించే గీత ఉంటుంది. గీత మొదట్లోనే నిట్టనిలువుగా పడిపోతే ఆరంభం మార్చాలి. చివరిదాకా నిలకడగా ఉండి కూడా ప్రొఫైల్‌కు ఎవరూ రాకపోతే, ఆ రీల్ చూడముచ్చటగా ఉందే తప్ప ఇది అమ్మకానికి ఉన్న చీరని చెప్పలేదన్నమాట.

ఈ మెట్టులో లైకుల కంటే విలువైనది ఒకటుంది. రీల్‌ను ఎంతసేపు చూశారు, ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది వేరేవాళ్లకు పంపారు అనేవి రీల్ ఎంత దూరం వెళ్తుందో నిర్ణయించే ముఖ్యమైన మూడు అంశాలని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడం మొస్సేరి 2025 జనవరిలో చెప్పారు. మన ఖాతాను ఫాలో కాని కొత్తవాళ్లకు చేరడంలో ఈ పంపడానికి బరువు ఎక్కువ. చీరల విషయంలో ఇది మన అలవాటుకు సరిగ్గా సరిపోతుంది. ఒక్కతే చీర ఎంచుకునే ఆడవాళ్లు తక్కువ. అక్కకో, తోడికోడలికో, ఆఫీసు స్నేహితురాలికో చూపించి ‘బావుందా?’ అని అడగందే మనసు నిలవదు. ఒకే చీరను మూడు రంగుల్లో పక్కపక్కన చూపించి, ‘అమ్మకు ఏది, అత్తయ్యకు ఏది?’ అని అడిగే రీల్‌లో ఇంకొకరికి పంపడానికి ఒక కారణం ఉంటుంది.

ఇక డబ్బు పెట్టే ప్రకటన దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటి. ప్రకటన మొదలుపెట్టేటప్పుడు ‘మీకేం కావాలి?’ అని మెటా వ్యవస్థ అడుగుతుంది. చూడటం కావాలా, లైకులూ కామెంట్లూ కావాలా, మెసేజ్‌లు కావాలా, అమ్మకాలు కావాలా అని. ఏది అడిగితే అది చేసే అలవాటున్న మనుషులనే అది వెతికి పట్టుకొస్తుంది. లైకులు అడిగితే లైకులు కొట్టేవాళ్లొస్తారు. వాళ్లలో కొనేవాళ్లు తక్కువ కావడంలో వింతేం లేదు. వెబ్‌సైట్ లేని ఈ వ్యాపారానికి సరిపడేది, నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే ప్రకటన. అదైనా వారం పాటు కదిలించకుండా వదలాలి. రోజుకోసారి బడ్జెట్టో ఫొటోనో మారిస్తే, ఎవరికి చూపించాలో ఆ వ్యవస్థ నేర్చుకునే పని మళ్లీ మొదటికొస్తుంది.

రెండో మెట్టు: నమ్మకం కుదరడం

రీల్ చూసి ప్రొఫైల్‌కు వచ్చిన మనిషి మనసులో ప్రశ్నలుంటాయి. కొట్లో అయితే ఆమె వాటిని అడగదు, చేసి చూసుకుంటుంది. చీర కింద చేయి పెట్టి పలచనెంతో చూస్తుంది. గుమ్మం దగ్గరకు తీసుకెళ్లి వెలుతురులో రంగు చూస్తుంది. అంచు తిరగేసి చూస్తుంది. ఆన్‌లైన్‌లో ఆ పనులన్నీ అమ్మేవాళ్లే ఆమె తరఫున చేసి చూపించాలి.

కాబట్టి ప్రొఫైల్ పైభాగాన కదలకుండా పిన్ చేసి ఉంచాల్సిన వీడియోలు మూడు. మొదటిది, చీర కింద అరచేయి పెట్టి, కిటికీ దగ్గర సహజమైన వెలుతురులోనూ, తర్వాత ట్యూబ్‌లైటు కింద కూడా చూపించే వీడియో. ఫోన్ కెమెరాలు రంగును తమకు తోచినట్టు సర్దేస్తాయి. మెరూన్‌ను ఎరుపు చేస్తాయి, నెమలికంఠాన్ని మామూలు నీలం చేస్తాయి. ‘ఫొటోలో ఒకటి, వచ్చింది ఒకటి’ అనే తగాదాల్లో చాలాభాగం ఇక్కడే పుడతాయి. రెండోది, కొత్త చీరనూ పదిసార్లు ఉతికిన అదే రకం చీరనూ పక్కపక్కన పెట్టి చూపించేది. నూలు చీర కొనే ప్రతి ఆవిడకూ రంగు దిగుతుందా, ముడుచుకుంటుందా, గంజి పెట్టాలా అనే అనుమానాలుంటాయి. మొదటి ఉతుకులో కాస్త రంగు దిగే చీరైతే ఆ మాట చెప్పేయాలి. మూడోది, మామూలు ఎత్తూ ఒళ్లూ ఉన్న ఒకావిడ చీర కట్టుకుని నడిచే వీడియో. కుచ్చిళ్లు ఎలా నిలుస్తాయో, కొంగు ఎంత పొడుగు వస్తుందో అందులో తెలుస్తుంది.

ధర కూడా ఈ మెట్టులోనే కనపడాలి. ‘ధర కోసం డీఎం చేయండి’ అని రాస్తే మెసేజ్‌లు పెరుగుతాయన్నది నిజమే. కానీ అలా వచ్చేవాళ్లలో ఆరేడు వందల్లో చీర వస్తుందనుకుని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు జవాబు చెబుతూ కూర్చుంటే, నిజంగా కొనబోయే ఆవిడ వరుసలో వెనకబడుతుంది. రీల్ మీదే ₹1,800 అని రాసేస్తే మెసేజ్‌లు తగ్గుతాయి. ఆ తగ్గుదల మొదటి వారం గాబరా పెట్టినా అది చెడ్డ గుర్తు కాదు. ధర తెలిసీ అడిగేవాళ్లే మిగులుతారు.

ఇతరుల మాట మీద కలిగే నమ్మకం ఇంకొకటి. పాత కొనుగోలుదారులు చీర కట్టుకుని పంపిన ఫొటోలను, వాళ్ల అనుమతి తీసుకుని స్టోరీ హైలైట్‌గా పెట్టుకోవడం మంచి పద్ధతి. డబ్బిచ్చో, చీర ఊరికే ఇచ్చో ఎవరితోనైనా చెప్పిస్తే, అది ప్రకటన అని స్పష్టంగా రాయాలని ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. తామే కొనుగోలుదారుల్లా నటిస్తూ పొగడ్తలు రాసుకోవడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి.

మూడో మెట్టు: మాట కలవడం

గరాటు చిల్లులు పడేది ఎక్కువగా ఇక్కడే. మన ఊహా వ్యాపారంలో ఒక వారం లెక్క ఇలా ఉందనుకుందాం. ప్రకటనకు ₹4,800 ఖర్చయింది. రీల్ 40,000 మందికి చేరింది. అందులో 6,000 మంది ఆగి చూశారు. 900 మంది ప్రొఫైల్‌కు వచ్చారు. 240 మంది వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. 60 మంది డబ్బు ఎలా పంపాలని అడిగారు. 24 మంది కొన్నారు.

అన్నిటికంటే ఎక్కువమంది పోయింది పై మెట్టులోనే. 34,000 మంది ఆగనైనా ఆగలేదు. కానీ వాళ్ల గురించి బాధపడనక్కర్లేదు. వాళ్లలో నూలు చీర కట్టనివాళ్లు, ఇప్పుడే కొనే ఉద్దేశం లేనివాళ్లు, మగవాళ్లు, అందరూ ఉన్నారు. బాధపడాల్సింది మెసేజ్ పెట్టి మరీ వెళ్లిపోయిన 180 మంది గురించి. వాళ్లు కొట్టు గుమ్మం ఎక్కి, చీర పేరు చెప్పి అడిగినవాళ్లు.

ఒక ఆదివారం కూర్చుని ఆ 180 సంభాషణలనూ మొదటి నుంచి చివరిదాకా చదివితే కారణాలు బయటపడతాయి. మన లెక్కలో 80 మందికి జవాబు మూడు గంటలు దాటాక వెళ్లింది. 30 మంది అడిగిన రంగు అప్పటికే అయిపోయింది, కానీ పోస్టు అలాగే ఉంది. 45 మంది ధర ఎక్కువన్నారు. మిగతా 25 మంది ఏ కారణమూ చెప్పకుండా ఊరుకున్నారు. ఇందులో ఆ 45 మందికోసం ధర తగ్గించడం తప్పు. వాళ్లు పోల్చుకుంటున్నది మరమగ్గం చీరతో. రీల్ మీద ధర రాస్తే వాళ్లలో చాలామంది ఇక్కడిదాకా రారు. చేతిలో ఉన్న పని మొదటి రెండు గుంపులది. మొత్తం 110 మంది.

జవాబు త్వరగా ఇవ్వడమంటే రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చోవడం కాదు. ఈ చీరలకు మెసేజ్‌లు ఎక్కువగా రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదకొండు మధ్య వస్తున్నాయని తేలితే, సాయం చేసే అమ్మాయి పనివేళల్ని పగలు నుంచి ఆ సమయానికి మార్చుకోవచ్చు. ప్రకటన కూడా ఆ వేళల్లోనే నడిచేలా పెట్టుకోవచ్చు. వాట్సాప్ బిజినెస్‌లో తరచూ పంపే జవాబులను ముందే రాసి దాచుకునే సౌకర్యం ఉంది. అందులో పెట్టుకునే మొదటి జవాబు ఇలా ఉండొచ్చు:

‘నమస్తే అండీ. ఇది మంగళగిరి చేనేత నూలు చీర. ధర ₹1,800, కొరియర్ ఖర్చు అందులోనే. చీర ఐదున్నర మీటర్లు, బ్లౌజు ముక్క 80 సెంటీమీటర్లు. ఈ రోజుకి చిలకపచ్చ, మెరూన్ ఉన్నాయండీ. మీకు ఏ తేదీలోగా కావాలి?’

చివరి ప్రశ్నే ఇందులో కీలకం. ‘వ్రతానికి కావాలండీ’ అని ఆమె అంటే ఎన్ని రోజులుందో తెలుస్తుంది, అందుతుందో లేదో నిజం చెప్పవచ్చు. ‘ఊరికే చూస్తున్నా’ అంటే తొందరపెట్టకుండా వదిలేయవచ్చు. ఒట్టి ‘1800 మేడమ్’ అని పంపితే ఆవిడ మళ్లీ మాట్లాడటానికి తావే ఉండదు.

తొందరపెట్టడం విషయంలో ఒక హద్దు గుర్తుంచుకోవాలి. బీరువాలో ఇరవై చీరలుండగా ‘ఒక్కటే పీస్ మిగిలింది, వెంటనే పే చేయండి’ అనడం మన ఆన్‌లైన్ చీరల బజారులో మామూలైపోయింది. ఇలాంటి అబద్ధపు తొందరను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ప్రకటించిన మార్గదర్శకాల్లో, నిషేధించిన 13 మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. నిజంగా ఒక్కటే ఉంటే ఆ మాట చెప్పొచ్చు. అమ్ముడైన వెంటనే ఆ పోస్టు మీద ‘అయిపోయింది’ అని రాసేయాలి. పైన చెప్పిన 30 మంది జారిపోయింది ఈ చిన్న పని చేయనందుకే.

ఈ 110 మందిలో ఒక 60 మందిని నిలుపుకోగలిగితే, డబ్బు ఎలా పంపాలని అడిగేవాళ్లు 60 నుంచి 120 అవుతారు. అదే నిష్పత్తిలో కొనేవాళ్లు 24 నుంచి 48 అవుతారు. దీన్ని ప్రకటన రెట్టింపు చేసినప్పటి లెక్కతో పోల్చి చూడాలి. ఇప్పుడు 24 చీరల మీద వచ్చే ₹12,480లో ప్రకటన ఖర్చు తీసేస్తే ₹7,680 మిగులుతోంది. ప్రకటనకు రెట్టింపు, అంటే ₹9,600 పెట్టి 48 చీరలు అమ్మితే మిగిలేది ₹15,360. ప్రకటన ఖర్చు పెంచకుండా జవాబుల తీరు మార్చుకుని 48 చీరలు అమ్మితే ₹20,160. పైగా ప్రకటనకు రెట్టింపు పెడితే అమ్మకాలు సరిగ్గా రెట్టింపు కావడం అరుదు. అదే మనుషులకు అదే రీల్ మళ్లీ మళ్లీ కనపడటం మొదలవుతుంది.

నాలుగో మెట్టు: డబ్బు చేతులు మారడం

చెల్లింపు వివరాలు అడిగిన 60 మందిలో 36 మంది ఎందుకు ఆగిపోయారన్నది ఇంకో ప్రశ్న. దీనికి చాలామంది అమ్మకందారులు ఊహించని కారణం ఒకటుంది. యూపీఐలో డబ్బు పంపబోతుంటే తెరమీద కనిపించేది దుకాణం పేరు కాదు, బ్యాంకు ఖాతా ఎవరిదో వాళ్ల పేరు. చీరల పేజీకి ఒక పేరుంటుంది, తెరమీద భర్తదో అన్నదో పేరు వస్తుంది. ముక్కూమొహం తెలియని ఆ పేరు చూడగానే కొనే ఆవిడ వేలు ఆగిపోతుంది. వ్యాపారం పేరుతో కరెంటు ఖాతా తెరవడం దీనికి సరైన దారి. అది కుదిరేదాకా, ‘చెల్లించేటప్పుడు ఫలానా పేరు కనిపిస్తుందండీ, అది మాదే’ అని ముందే రాసి పంపాలి. అవతలి వైపు నుంచి మోసం కూడా లేకపోలేదు. డబ్బు పంపినట్టు తయారుచేసిన దొంగ స్క్రీన్‌షాట్‌లు తిరుగుతుంటాయి. స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కట్టకూడదు. ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే కట్టాలి.

రెండో కారణం క్యాష్ ఆన్ డెలివరీ. అది లేదంటే కొందరు వెళ్లిపోతారు. ఉందంటే అమ్మకాలు పెరిగినట్టు కనిపిస్తుంది, నెలాఖరుకు చేతిలో డబ్బుండదు. పది పార్శిళ్లు అలా పంపితే మూడు తిరిగొచ్చాయనుకుందాం. తిరిగొచ్చిన ఒక్కోదానికి పోను ₹90, రాను ₹90, ప్యాకింగ్‌కు ₹40, మొత్తం ₹220 నష్టం. ఏడు చీరల మీద వచ్చిన ₹3,640లో మూడింటి నష్టం ₹660, పది ఆర్డర్లకూ తలా ₹200 చొప్పున అయిన ప్రకటన ఖర్చు ₹2,000 తీసేస్తే మిగిలేది ₹980. అవే పది చీరలు ముందే డబ్బు తీసుకుని అమ్మితే మిగిలేది ₹3,200. పైగా తిరిగొచ్చే చీర రెండు మూడు వారాలు దారిలోనే ఉంటుంది. ఈలోపు పండగ వెళ్లిపోతుంది. మధ్యేమార్గంగా ₹200 ముందు తీసుకుని మిగతాది ఇంటి దగ్గర ఇమ్మంటే, ఊరికే ఆర్డర్ పెట్టేవాళ్లు తప్పుకుంటారు, భయపడేవాళ్లకూ కొంత భరోసా ఉంటుంది.

‘నో రిటర్న్, నో ఎక్స్చేంజ్’ అనే బోర్డు కూడా కొనేవాళ్లను ఆపేస్తుంది. పైగా అది చట్టం ముందు పూర్తిగా నిలవదు. చిరుగో మరకో ఉన్న చీరను, చెప్పినట్టు లేని చీరను వెనక్కి తీసుకోననడానికి 2020 నాటి నిబంధనలు ఒప్పుకోవు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయమని అడగడం ఇప్పుడు అందరికీ అలవాటైన పద్ధతే. ఆ మాటను డబ్బు కట్టాక కాకుండా ముందే చెప్పాలి. ‘లోపముంటే మూడు రోజుల్లో చెప్పండి, వెనక్కి పంపే ఖర్చు మాదే’ అని రెండు ముక్కల్లో రాస్తే చాలు.

మళ్లీ పలకరించడం

ఈ వారం కొననివాళ్లందరూ ఎప్పటికీ కొనరని కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో మన వీడియోలు చూసినవాళ్లనూ, పోస్టులతో ఏదో ఒక సంబంధం పెట్టుకున్నవాళ్లనూ ఒక జాబితాగా చేసి వాళ్లకే ప్రకటన చూపించే వీలుంది. ఏడాది వెనకటి వాళ్లదాకా ఆ జాబితా చేయవచ్చు. పండగ చీరకు మాత్రం నెలరోజుల లోపు చూసినవాళ్లు సరిపోతారు. వీళ్లకు మళ్లీ మగ్గం రీల్ చూపించి లాభం లేదు. ఉతికిన చీర వీడియో, కట్టుకున్నావిడ వీడియో, ధర, ‘వ్రతానికి అందాలంటే ఫలానా తేదీలోగా’ అన్న మాట చూపించాలి. ఇలాంటి జాబితా చిన్నది కాబట్టి, ఒకే మనిషికి ప్రకటన సగటున ఎన్నిసార్లు కనపడిందో గమనిస్తుండాలి. ఆ అంకె పెరుగుతూ, మెసేజ్‌లు మాత్రం పెరగడం లేదంటే ఆపేయాల్సిన సమయం వచ్చినట్టే.

ఇదంతా క్యాలెండర్ మీద పరిచి చూస్తే మన వైపు ఆషాఢం, శ్రావణం చక్కగా అమరుతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పెద్ద దుకాణాలన్నీ డిస్కౌంట్ల హోరులో ఉంటాయి. చిన్న అమ్మకందారు ఆ పోటీలో దిగి ధర తగ్గించే బదులు, ఆ నెల మగ్గం రీళ్లకు వాడుకోవచ్చు. శ్రావణం మొదలయ్యాక, చూసి ఉన్నవాళ్లనే పలకరిస్తూ అమ్మకం మీద దృష్టి పెట్టొచ్చు. ఒక మగ్గం మీద వారానికి దిగే చీరలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు కాబట్టి, బీరువాలో ఉన్న చీరల్ని బట్టే ప్రకటన ఖర్చు ఉండాలి. సరుకు లేకుండా నడిపే ప్రకటన వల్ల, ఇందాక చూసిన ‘రంగు అయిపోయింది’ గుంపే పెరుగుతుంది.

కొన్నవాళ్లకోసం పార్శిల్‌లో ఒక చిన్న కార్డు పెట్టాలి. ఎలా ఉతకాలో, నంబరు సేవ్ చేసుకుంటే కొత్త చీరలు చూపిస్తామని దానిమీద ఉండాలి. ఆ నంబరు మాట ఊరికే రాసేది కాదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. అడగకుండా రోజూ ఫొటోలు గుమ్మరిస్తే బ్లాక్ చేస్తారు. ఒకసారి కొన్న ఆవిడ రెండోసారి కొంటే ఆ చీర మీద ప్రకటన ఖర్చు ఉండదు, ₹520 మొత్తం మిగులుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. వాట్సాప్ లింకులోనే ముందుగా ఒక సంకేతం రాసిపెట్టవచ్చు. రీల్ కింద రాసే లింకును నొక్కితే తెరుచుకోదు కాబట్టి, ఒక లింకు ప్రొఫైల్‌లో, ఒకటి స్టోరీలో, ఒకటి పార్శిల్ కార్డు మీద క్యూఆర్ రూపంలో పెట్టాలి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=MG114-BIO
https://wa.me/91XXXXXXXXXX?text=MG114-STORY
https://wa.me/91XXXXXXXXXX?text=MG114-CARD
```

ఎక్స్‌లు ఉన్నచోట సొంత నంబరు, తర్వాత చీర నంబరు, చివర వచ్చిన దారి. నొక్కినవాళ్ల మెసేజ్ పెట్టెలో ఆ అక్షరాలు ముందే పడి ఉంటాయి, వాళ్లు పంపితే చాలు. వాట్సాప్ బిజినెస్‌లో ఆ సంభాషణకు ‘కొత్త కస్టమర్’, ‘డబ్బు రావాలి’, ‘డబ్బు వచ్చింది’ అని లేబుళ్లు తగిలిస్తూ పోతే, ఆదివారం సాయంత్రం ఏ మెట్టులో ఎందరున్నారో పావుగంటలో లెక్క తేలుతుంది.

అయినా కొందరు ఈ లెక్కకు అందరు. ఏ సంకేతమూ లేకుండా, ఏ ప్రకటనా నొక్కకుండా ఒక కొత్త నంబరు నుంచి నేరుగా మెసేజ్ వస్తుంది: ‘చిలకపచ్చ చీర ఉందా అండీ?’ అమ్మే ఆమె జవాబిస్తూ, ‘ఉందండీ. మా చీరలు ఎక్కడ చూశారు?’ అని అడిగి, వచ్చిన సమాధానాన్ని పుస్తకంలో రాసుకోవాలి. ఆ రాత్రి వచ్చే సమాధానం బహుశా ఇలా ఉంటుంది: ‘మా అక్క రీల్ పంపిందండీ. తను ధర అడిగితే మీరు చెప్పలేదట.’